ఇంటర్న్‌షిప్ దొరకలేదా? మందుల షాపుకు వెళ్లండి

ఏడో సెమిస్టరు మొదలైన రెండు మూడు వారాలకు ప్లేస్‌మెంట్ సెల్ నుంచి ఒక గూగుల్ ఫారం వస్తుంది. పేరు, రోల్ నంబరు, పదో తరగతి శాతం, ఇంటర్ శాతం, సీజీపీఏ, బ్యాక్‌లాగ్‌లు అన్నీ చకచకా నిండుతాయి. చివర్లో 'ఇంటర్న్‌షిప్ వివరాలు' అనే గడి ఉంటుంది. నరసరావుపేటలోనో, మార్కాపురంలోనో, జగిత్యాలలోనో, పాల్వంచలోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలు చాలామంది అక్కడ ఆగిపోతారు. ఊళ్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండదు. హైదరాబాద్‌లో రెండు నెలలు హాస్టల్లో ఉండి ఉచితంగా పనిచేయడానికి ఇంట్లో డబ్బు ఉండదు. ఆన్‌లైన్‌లో పెట్టిన దరఖాస్తులకు జవాబు రాదు.

ఆ సమయంలోనే వాట్సాప్ గ్రూపులోకి ఒక ప్రకటన వస్తుంది. నాలుగు వారాల ఇంటర్న్‌షిప్, ఇంట్లో కూర్చుని చేయవచ్చు, సర్టిఫికెట్ గ్యారంటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్20 నిబంధనలు వచ్చాక ఇంజినీరింగ్‌లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. వేసవుల్లో చేయాలి, చివరి సెమిస్టరులో పూర్తికాలం చేయాలి. మంచి ఉద్దేశంతో పెట్టిన నిబంధనే. కానీ చిన్న ఊళ్లలో అంతమందికి చోటు చూపించే కంపెనీలు లేవు కాబట్టి, ఆ ఖాళీలోకి సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు వచ్చి కూర్చున్నారు. విద్యార్థి ఫీజు కడతాడు, కొన్ని వీడియోలు చూస్తాడు, గిట్‌హబ్‌లో ఎవరో పెట్టిన ప్రాజెక్టును తన పేరుతో ఎక్కిస్తాడు, పీడీఎఫ్ తీసుకుంటాడు. కాలేజీ ఫైలు నిండుతుంది. ఇంటర్వ్యూలో మాత్రం ఆ కాగితం మొదటి రెండు ప్రశ్నలకే నిలవదు. "ఆ నాలుగు వారాల్లో నువ్వు చేసినదాన్ని ఎవరు వాడారు?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఈ కథనం ఆ ప్రశ్న గురించే. ఇంటర్న్‌షిప్ చేసిన అభ్యర్థిలో కంపెనీ వెతికేది మూడు విషయాలు. తన పని కాని పనిని అర్థం చేసుకున్నాడా, తాను చేసినదాన్ని ఇంకొకరు వాడారా, వాడినప్పుడు చెడిపోతే సరిచేశాడా? ఈ మూడూ జరగడానికి కంపెనీయే ఉండాలన్న నియమం లేదు. నిజమైన ఇబ్బంది ఉన్న ఒక మనిషి ఉంటే చాలు. అలాంటి మనుషులు చిన్న ఊళ్లో వీధికి పదిమంది ఉంటారు. అందుకే ఆగస్టులో మొదలుపెట్టి నవంబరుకల్లా పూర్తయ్యే ఒక ప్రణాళికను, ఒకే ఒక ఉదాహరణతో, మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

నరసరావుపేటలో కంప్యూటర్ సైన్స్ ఫైనలియర్ చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. సీజీపీఏ 7.4. పైథాన్ వచ్చు, ఎస్‌క్యూఎల్ పరీక్షకు చదివింది. ఇంటి సందు చివర ఒక మందుల షాపు ఉంది. ఆ షాపాయన చిన్నప్పటి నుంచి తెలుసు. ఈ కథనంలో వచ్చే అంకెలు ఆమె లెక్క ఎలా ఉండాలో చూపడానికి వేసుకున్నవి. పద్ధతి మాత్రం ఏ ఊళ్లోనైనా ఇదే.

మొదటి వారం కోడ్ రాయకూడదు

చాలామంది విద్యార్థులు ఇక్కడే దారి తప్పుతారు. షాపాయన దగ్గరికి వెళ్లి "అంకుల్, మీకు ఒక యాప్ చేసిస్తాను" అంటారు. ఆయన "చెయ్యమ్మా" అంటాడు. రెండు నెలలు గదిలో కూర్చుని లాగిన్, డ్యాష్‌బోర్డ్, రంగురంగుల గ్రాఫులు ఉన్న యాప్ చేసి తీసుకెళ్తారు. ఆయన ఒకసారి చూసి మెచ్చుకుంటాడు. తర్వాత దాన్ని ఎవరూ తెరవరు. తప్పు షాపాయనది కాదు. ఆయన ఇబ్బంది ఏమిటో ఎవరూ అడగలేదు.

మన అమ్మాయి మొదటి వారమంతా సాయంత్రం గంటన్నర కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. నోటుబుక్కు తప్ప మరేమీ ఉండదు. ఏజెన్సీ నుంచి మందులు వచ్చినప్పుడు ఎవరు సర్దుతున్నారు, బిల్లు ఎక్కడ పెడుతున్నారు, అయిపోయిన మందులు ఎక్కడ రాసుకుంటున్నారు, ఏ పని చేస్తున్నప్పుడు విసుక్కుంటున్నారు అనేవి రాసుకుంటుంది. మూడో రోజో నాలుగో రోజో షాపాయన ఒక అట్టపెట్టె కిందికి దించి తిట్టుకుంటాడు. అందులో గడువు తీరిన మందులుంటాయి.

"ఇవన్నీ పారేయాలా అంకుల్?"

"ముందే చూసుకుంటే ఏజెన్సీవాళ్లు తీసుకునేవాళ్లమ్మా. టైముకి పంపితే క్రెడిట్ నోట్ ఇస్తారు. ఇప్పుడు తీసుకోరు. ఎన్నని గుర్తుపెట్టుకుంటాం?"

ప్రాజెక్టు ఆ మాటలోనే ఉంది. గడువు తీరిన మందును అమ్మకూడదని చట్టం. అమ్మే సరుకుతో కలపకుండా వేరే పెట్టాలి. గడువుకు కొన్ని నెలల ముందే గుర్తిస్తే డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకుని ఆ విలువను తర్వాతి బిల్లులో తగ్గిస్తాడు. ఎన్ని నెలల ముందు, ఎంత విలువ అనేది ఒక్కో ఏజెన్సీకి ఒక్కోలా ఉంటుంది. ఆ గడువు దాటితే నష్టమంతా షాపుదే.

అమ్మాయి ఆ పెట్టె అడిగి తీసుకుని, అందులోవి ఒక్కొక్కటిగా కాగితం మీద రాస్తుంది. మందు పేరు, బ్యాచ్, గడువు, ఎన్ని, ఎంఆర్‌పీ. మూడు నెలల్లో పోగైనవి 46 స్ట్రిప్పులు, ఎంఆర్‌పీ ప్రకారం 6,200 రూపాయలు అనుకుందాం. ఈ కాగితాన్ని ఫొటో తీసి దాచుకోవాలి. పని మొదలుపెట్టక ముందు పరిస్థితి ఎలా ఉందో చూపే లెక్క లేకపోతే, పని అయ్యాక ఎంత మేలు జరిగిందో చెప్పలేం. విద్యార్థుల ప్రాజెక్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించని వస్తువు ఈ కాగితమే.

సరుకు వచ్చే చోటే పట్టుకోవాలి

రెండో వారంలో ఎదురయ్యే అసలు చిక్కు సాంకేతికమైనది కాదు. ఒక మోస్తరు షాపులో వెయ్యికి పైగా రకాల మందులుంటాయి. ఒక్కో రకం రెండు మూడు బ్యాచ్‌ల్లో ఉంటుంది. వాటన్నిటినీ కూర్చుని టైపు చేసే ఓపిక షాపాయనకు ఉండదు. ప్రతి అమ్మకం ఎక్కించమంటే అసలే కుదరదు. సాయంత్రం ఏడింటికి ఎదురుగా పదిమంది నిలబడి ఉంటారు. ఒకరు పది మాత్రల స్ట్రిప్పులో నాలుగే అడుగుతారు. కత్తెరతో కత్తిరించి ఇచ్చి తర్వాతి మనిషిని చూస్తాడు.

వారమంతా కూర్చుని చూసినందుకు ఫలితం ఇక్కడ దక్కుతుంది. ఏజెన్సీ బిల్లు మీద మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు, ఎన్ని పంపారు అనే నాలుగు వివరాలూ అచ్చయి ఉంటాయి. సరుకు వచ్చిన రోజు ఆ బిల్లును ఎక్కిస్తే చాలు. అమ్మకాలు ఎక్కించనక్కరలేదు. అలా చేస్తే షాపులో ఇప్పుడు కచ్చితంగా ఎంత సరుకు ఉందో కంప్యూటరుకు తెలియదు. తెలియకపోయినా ఫర్వాలేదు. దాని పని ఒక్కటే: ఈ వారం ర్యాకులో ఏ ఏ బ్యాచ్‌లు వెతకాలో చెప్పడం. ఉందో లేదో చేత్తో చూసేది మనిషే.

ఈ నిర్ణయం రెజ్యూమేలో ఒక్క వాక్యంలో పడుతుంది కానీ, ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడించగలదు. ఏది చేయాలో తేల్చుకోవడం కంటే ఏది చేయనక్కరలేదో తేల్చుకోవడం కష్టం. ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు ఈ మాట వెంటనే తగులుతుంది.

మొదటి రూపం గూగుల్ షీటే కావాలని నా పట్టుదల. ఐదు నిలువు వరుసలతో ఒక షీటు వేసి, రెండు వారాల బిల్లులు అమ్మాయే ఎక్కించి, ప్రతి సోమవారం ఒక జాబితా ప్రింటు తీసి షాపాయనకు ఇవ్వాలి. ఆయన ఆ కాగితం పట్టుకుని ర్యాకు దగ్గరికి వెళ్తే ప్రాజెక్టు బతికినట్టు. వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదో అడగాలి. అక్షరాలు చిన్నవి కావచ్చు. జాబితా అకారాదిగా ఉండి, ర్యాకులు కంపెనీలవారీగా ఉండవచ్చు. కోడ్ రాయకముందే తెలిసిన తప్పును దిద్దడానికి ఒక సాయంత్రం చాలు.

ఒక చిన్న తప్పు, దాన్ని పట్టుకునే తీరు

నాలుగో వారంలో కోడ్ మొదలవుతుంది. పైథాన్‌లో ఫ్లాస్క్, డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్ సరిపోతాయి. ఎస్‌క్యూలైట్‌లో డేటా అంతా ఒకే ఫైలులో ఉంటుంది కాబట్టి షాపు కంప్యూటరులోనే నడుస్తుంది. వారానికోసారి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయినట్టే. సర్వర్ అద్దె లేదు, నెలనెలా ఖర్చు లేదు. ఈ ప్రాజెక్టు గుండెకాయ ఈ ఐదు వరుసలు:

```sql
SELECT item, batch, agency, qty, expiry
FROM stock
WHERE expiry <= date('now', '+90 days')
  AND checked = 0
ORDER BY expiry;
```

రాబోయే తొంభై రోజుల్లో గడువు తీరే బ్యాచ్‌లలో ఇంకా చేత్తో చూడనివి, ముందు తీరేవి ముందు వచ్చేలా చూపించమని దీని అర్థం. చూడడానికి తేలికగానే ఉంది. మొదటిసారి నడిపినప్పుడు మాత్రం ఎక్కించిన మందులన్నీ జాబితాలోకి వచ్చేస్తాయి. రెండేళ్ల తర్వాత తీరేవి కూడా ఉంటాయి.

కారణం ఇది. స్ట్రిప్పు మీద గడువు 08/2026 అని నెల, సంవత్సరం మాత్రమే ఉంటుంది. బిల్లులోనూ అంతే. అమ్మాయి దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించింది. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేకమైన రకం లేదు. తేదీని అక్షరాల వరుసగా దాచుకుని, నిఘంటువులో పదాలను పోల్చినట్టు ఎడమ నుంచి కుడికి పోలుస్తుంది. నెలతో మొదలయ్యే ఏ గడువైనా సున్నాతోనో ఒకటితోనో మొదలవుతుంది. `date('now')` ఇచ్చే తేదీ సంవత్సరంతో, అంటే రెండుతో మొదలవుతుంది. సున్నా, ఒకటి ఎప్పుడూ రెండు కంటే ముందే. అందుకే అన్ని మందులూ "గడువు దగ్గరపడ్డ" వాటిలోకి చేరాయి.

సంవత్సరం, నెల, రోజు వరుసలో 2026-08-01 అని మార్చితే ఆ తప్పు పోతుంది. కానీ దాని వెనక ఇంకొక తప్పు దాక్కుని ఉంటుంది. ఇది జాబితా చూస్తే కనిపించదు. స్ట్రిప్పు మీద 08/2026 అని ఉంటే ఆ మందు ఆగస్టు చివరి రోజు దాకా పనికొస్తుంది. ఒకటో తేదీ అని ఎక్కిస్తే ప్రతి మందుకూ దాదాపు నెల ఆయుష్షు తగ్గించినట్టు. పట్టుకోవాలంటే షాపాయన పక్కన నిలబడి పది స్ట్రిప్పులు తీసి, స్ట్రిప్పు మీద గడువునూ తెర మీద తేదీనీ పక్కపక్కన చదివించాలి. ఆయన వెంటనే అంటాడు: "ఇది నెలాఖరు దాకా ఉంటుందమ్మా." దిద్దుబాటు ఒక్క వరుస:

```sql
SELECT date('2026-08-01', '+1 month', '-1 day');
```

జవాబు 2026-08-31 వస్తుంది. ఒక నెల కలిపి ఒక రోజు తీసేయడం వల్ల ఫిబ్రవరికి, లీపు సంవత్సరానికి వేరే లెక్కలు అవసరం లేదు.

ఈ రెండు తప్పులనూ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. "మీ ప్రాజెక్టులో ఎదురైన కష్టమైన సమస్య చెప్పండి" అనేది ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న. కొన్న ప్రాజెక్టు ఉన్న విద్యార్థి "టీమ్‌లో కోఆర్డినేషన్ కష్టమైంది సర్" అంటాడు. మన అమ్మాయి గడువు కథ చెబుతుంది. ఏం కనిపించింది, ఎందుకలా అయింది, ఎలా పట్టుకుంది, ఎలా దిద్దింది అన్నవన్నీ అందులో ఉన్నాయి. పుస్తకంలో చదివి చెప్పలేని సమాధానం అది. అందుకే తప్పు దొరికిన రోజే తేదీతో సహా నోటుబుక్కులో రాసి పెట్టుకోవాలి. నవంబరులో గుర్తుండదు.

ఎనిమిది వారాల వాడకం

ఆరో వారానికి ప్రోగ్రాం షాపులో నడుస్తుంటుంది. ఇక అమ్మాయి పని తగ్గాలి, షాపువాళ్ల పని పెరగాలి. కౌంటరులో పనిచేసే అబ్బాయి బిల్లు ఎక్కించడం నేర్చుకోవాలి. అతనికి నేర్పడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. అతను ఏ మీట దగ్గర తడబడ్డాడో చూసి, ఆ తెరను మార్చాలి. అమ్మాయి వారానికి ఒక్కసారి వెళ్లి నాలుగు అంకెలు రాసుకోవాలి: జాబితాలో ఎన్ని బ్యాచ్‌లు వచ్చాయి, ర్యాకులో నిజంగా ఎన్ని దొరికాయి, ఏజెన్సీ ఎన్ని తీసుకుంది, క్రెడిట్ నోట్ ఎంత వచ్చింది.

ఎనిమిది వారాల తర్వాత లెక్క ఇలా తేలిందనుకుందాం. జాబితాలో వచ్చినవి 38 బ్యాచ్‌లు. ర్యాకులో దొరికినవి 29, మిగతావి అప్పటికే అమ్ముడైపోయాయి. ఏజెన్సీలు తీసుకున్నవి 21. మిగిలిన ఎనిమిదింటిలో కొన్ని కత్తిరించిన స్ట్రిప్పులు, వాటిని ఏజెన్సీలు సాధారణంగా తీసుకోవు. కొన్నిటికి బిల్లు దొరకలేదు. వచ్చిన క్రెడిట్ నోట్‌లు 3,400 రూపాయలు.

మూడు వేల నాలుగు వందలు చిన్న మొత్తమే. దాన్ని పెంచి రాయాలనిపిస్తుంది. రాయకూడదు. 29లో ఎనిమిది ఎందుకు వెనక్కి పోలేదో చెప్పగలిగిన అభ్యర్థిని నమ్ముతారు. "నష్టం 90 శాతం తగ్గించాను" అన్న అభ్యర్థిని తర్వాతి ప్రశ్న అడుగుతారు. అక్కడ కథ కూలిపోతుంది.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. షాపులో రోగుల పేర్లు, డాక్టరు చీటీలు, కొనుగోలు ధరలు కనిపిస్తాయి. వాటిలో ఏదీ గిట్‌హబ్‌లోకి వెళ్లకూడదు. అక్కడ పెట్టేది కోడ్, దానితోపాటు ఊహించి రాసిన ఇరవై మందుల నమూనా డేటా మాత్రమే. `.gitignore` ఫైలులో `*.db` అని మొదటి రోజే రాసుకుంటే షాపు డేటాబేస్ పొరపాటున ఎక్కే ప్రమాదం ఉండదు. ఒకసారి ఎక్కాక తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతుంది.

ప్రొఫైల్‌లో ఎలా కనిపించాలి

గిట్‌హబ్ చూసేవాళ్లు కోడ్ మొత్తం చదవరు. ముందు రెండు విషయాలు చూస్తారు. ఒకటి కమిట్ల చరిత్ర. ఒకే రోజు, ఒకే కమిట్‌లో, `Add files via upload` అనే మాటతో మొత్తం ఎక్కించి ఉంటే ఎక్కడి నుంచో తెచ్చిందన్న అనుమానం వస్తుంది. వారాల తరబడి పరుచుకున్న చిన్న చిన్న కమిట్లు, ప్రతిదానికీ ఏం మార్చారో చెప్పే ఒక వాక్యం ఉంటే ఆ చరిత్రే సాక్ష్యం. కాబట్టి గిట్‌లో పెట్టడం మొదటి కోడ్ రాసిన రోజే మొదలవ్వాలి. నవంబరులో ఒకేసారి పెడితే ఈ సాక్ష్యం ఎప్పటికీ తయారు కాదు.

రెండోది `README.md`. మొదటి పేరాలో షాపు ఇబ్బంది, రెండో పేరాలో తాను తీసుకున్న నిర్ణయం, తర్వాత ఒక తెర బొమ్మ, నడిపే విధానం, చివర్లో ఈ ప్రోగ్రాం చేయలేని పనులు రాయాలి. అమ్మకాలు ఎక్కించదు, కత్తిరించిన స్ట్రిప్పులను గుర్తించదు, ఒకేసారి ఇద్దరు ఎక్కిస్తే ఏమవుతుందో పరీక్షించలేదు అని నిజాయతీగా రాసిన ఆ చివరి భాగమే అన్నిటికంటే ఎక్కువ గౌరవం తెస్తుంది. గిట్‌హబ్ పేజీలో పైన ఆరు ప్రాజెక్టుల దాకా పిన్ చేసుకోవచ్చు. ఆరు నింపాలని కాలేజీ ల్యాబ్ రికార్డులన్నీ పిన్ చేయకండి. ఇది ఒక్కటి, మనసుపెట్టి చేసింది ఇంకొకటి ఉంటే వాటితో ఆపేయడమే మేలు.

రెజ్యూమే ఒక్క పేజీ దాటకూడదు. ఈ పనిని 'ఇంటర్న్‌షిప్' అనే శీర్షిక కింద రాయవద్దు. 'ప్రాజెక్టు అనుభవం' అనే శీర్షిక కింద, స్థానిక మందుల షాపు కోసం చేసిన పని అని, నెలలు వేసి రాయాలి. కంపెనీలు చేరే ముందు వివరాల తనిఖీ చేయిస్తాయి. చేయని ఇంటర్న్‌షిప్ అక్కడ బయటపడితే చేతికొచ్చిన ఆఫరు పోతుంది. దాని కింద మూడు వాక్యాలు చాలు. గడువు దగ్గరపడే బ్యాచ్‌లను ముందే చూపే ప్రోగ్రాం రాశానని మొదటిది. అమ్మకాలు కాకుండా కొనుగోలు బిల్లులే ఎక్కించేలా రూపొందించి, షాపు ఉద్యోగి స్వయంగా ఎనిమిది వారాలు వాడేలా చేశానని రెండోది. 29 బ్యాచ్‌లు గుర్తిస్తే 21 వెనక్కి వెళ్లాయని మూడోది. చాలామంది పేరు కింద పెట్టే 'కెరీర్ ఆబ్జెక్టివ్' పేరా తీసేస్తే వీటికి చోటు దొరుకుతుంది. ఆ పేరా ఎవరూ చదవరు.

షాపాయన దగ్గర ఒక ఉత్తరం తీసుకోవాలి. లెటర్‌హెడ్ మీద, జీఎస్టీ నంబరుతో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ విద్యార్థిని మా షాపుకు ఈ ప్రోగ్రాం చేసి ఇచ్చింది, మేం ఇప్పటికీ వాడుతున్నాం అని నాలుగు వాక్యాలు. పొగడ్తలు అక్కరలేదు. 'ఇప్పటికీ వాడుతున్నాం' అన్న మాటకే విలువ ఎక్కువ. ఫోన్ చేస్తే మాట్లాడడానికి ఆయన ఒప్పుకుంటే ఇంకా మంచిది. కాలేజీలో గైడ్‌ను ముందే కలిసి ఈ పనిని చివరి సెమిస్టరు ప్రాజెక్టుగా ఒప్పుకుంటారేమో అడగాలి. పని అయ్యాక అడిగితే టైటిల్ అప్రూవల్ గడువు దాటిపోయిందంటారు.

షాపు పని మీ మాటను నమ్మిస్తుంది. మీకు సబ్జెక్టు వచ్చని చెప్పడానికి బయటివాళ్లు పెట్టిన పరీక్ష ఒకటి తోడుండాలి. దానికి ఎన్‌పీటీఈఎల్‌లో డేటాబేస్ మీద ఒక కోర్సు చాలు. పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రం ఫీజు. కేంద్రానికి వెళ్లి పర్యవేక్షణలో రాయాలి. మొత్తం మార్కుల్లో 75 ఈ పరీక్షకే, అసైన్‌మెంట్లకు 25. అందుకే ఆ సర్టిఫికెట్‌కు విలువ. జులైలో మొదలయ్యే విడత తప్పిపోతే జనవరిలో మొదలయ్యేది ఉంటుంది.

ఇక తలుపు తట్టడం

నవంబరులో అడగడం మొదలుపెట్టాలి. ముందు మీ కాలేజీ నుంచే రెండు మూడేళ్ల కిందట వెళ్లిన సీనియర్లను లింక్డ్‌ఇన్‌లో వెతకండి. "అన్నా, నాకు జాబ్ ఇప్పించు" అని రాస్తే జవాబు రాదు, ఇప్పించే అధికారం అతనికి లేదు కాబట్టి. "అన్నా, మన కాలేజీ, ఫలానా బ్యాచ్. మందుల షాపుకు గడువు చూసే ప్రోగ్రాం చేశాను, లింకు ఇది. ఇద్దరు ఒకేసారి బిల్లు ఎక్కిస్తే ఏం చేయాలో తేల్చుకోలేకపోతున్నాను. మీరైతే ఎలా చేస్తారు?" అని రాయండి. నిజంగా చిక్కుపడిన ప్రశ్నే అడగాలి. జవాబు వస్తే దాని ప్రకారం కోడ్ మార్చి, మార్చానని మళ్లీ చెప్పండి. మీ టీమ్‌లో ఇంటర్న్ ఖాళీలు ఉంటే చెప్పండన్నా అని అడగాల్సింది ఆ తర్వాతే. అప్పటికి మీ పని ఏమిటో అతనికి తెలిసి ఉంటుంది.

ఇంటర్న్‌షాలా, ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తులు పెట్టండి. విజయవాడ, గుంటూరు, వరంగల్‌లోని చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలకు నేరుగా మెయిలు రాయండి. చేరడానికి డబ్బు అడిగే ఏ చోటైనా వదిలేయండి, దానికి మినహాయింపు లేదు. డిగ్రీ చేతికొచ్చేనాటికి కూడా ఏదీ కుదరకపోతే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ ఉంది. 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద నడిచే ఈ పథకంలో కొత్త గ్రాడ్యుయేట్లు సంస్థల్లో ఏడాదిపాటు స్టైపెండుతో శిక్షణ పొందవచ్చు. చివర్లో ఇచ్చే ధ్రువపత్రానికి ప్రభుత్వ గుర్తింపు ఉంటుంది. పాసయ్యాకే వర్తిస్తుంది కాబట్టి పోర్టల్‌లో నమోదు వివరాలు ముందే చూసి పెట్టుకోండి.

ఇంటర్వ్యూకు ముందు ఈ ప్రాజెక్టు కథను రెండు నిమిషాల్లో గట్టిగా చెప్పి ఫోనులో రికార్డు చేసుకోవాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇది మరీ అవసరం. ముందు తెలుగులోనే చెప్పండి. ఇబ్బంది, నిర్ణయం, తప్పు, లెక్క అనే వరుస కుదిరాక ఇంగ్లిష్‌లోకి తెండి. బట్టీపట్టిన ఇంగ్లిష్ మధ్యలో ఆగిపోతుంది. తాను చూసిన సంగతి చెప్పేవాళ్లు వ్యాకరణం తప్పినా ఆగరు.

మందుల షాపు ఒక ఉదాహరణే. వే బ్రిడ్జి చీటీలు చేత్తో రాసే రైస్‌మిల్లు, బస్తాల లెక్క పుస్తకంలో ఉండే కోల్డ్ స్టోరేజీ, టోకెన్ల కోసం గొడవపడే చిన్న ఆసుపత్రి, ఏదైనా పర్లేదు. ఇది చదువుతున్నవారిలో అలాంటి షాపు, మిల్లు, క్లినిక్ నడిపేవారు తప్పకుండా ఉంటారు. ఈ ఆగస్టులో ఒక ఫైనలియర్ పిల్లో పిల్లాడో వచ్చి మీ పని చూస్తామని అడిగితే, ఒక స్టూలు వేసి కూర్చోబెట్టండి. వాళ్లు చేసింది మీకు పనికొస్తే లెటర్‌హెడ్ మీద ఆ నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టివ్వండి.